రఘుపతి వేసుకున్న గోలీ

పోచన్న నడుము విరిగింది సిమెంటు బస్తా కింద కాదు. ఒక్క బ్లాకు ఎత్తుతుండగా విరిగింది. పదహారేళ్లుగా రోజూ వందల లెక్కన ఎత్తుతున్న ఎనిమిదంగుళాల బ్లాకే అది. జూన్ నెల, పొద్దున పదకొండు గంటలు. ఎండకు పని ఆపే వేళకు ఇంకా గంటన్నర ఉంది. నేను కింద సిమెంటు మాలు కలుపుతున్నాను. పైన ఆయన వంగాడు, వంగినవాడు అలాగే ఉండిపోయాడు. కేక వేయలేదు. చేతిలో బ్లాకు జారి పరంజా మీద పడింది.

"ఏమైందన్నా?"

"నడుంల చిటుక్కుమన్నది, దేవదాసూ. ఎవ్వల్ని పిలువకు. జరసేపు ఆగు."

జరసేపు ఆగాం. తగ్గలేదు. నలుగురం పట్టుకుని దించాం.

ఎండాకాలంలో ఒమన్‌లోని మా సైట్‌లో నడుము నొప్పి అంటే అందరికీ మొదట గుర్తొచ్చేది కిడ్నీలో రాయి. రుస్తాఖ్ బజారులోని క్లినిక్‌లో కూడా అదే అనుకుని స్కాన్ తీశారు. రాయి లేదు. స్కాన్ చూసిన డాక్టరు రెండు సంగతులు చెప్పాడు. నడుము దగ్గర వెన్నుపూస ఒకటి ముందువైపు అణిగిపోయింది. ఎడమ కిడ్నీకి పైన ఉండే చిన్న గ్రంథి మీద గడ్డ ఒకటి ఉంది, రెండున్నర సెంటీమీటర్లు. గ్రంథి పేరు అడ్రినల్ అన్నాడు.

గడ్డ అన్న మాట తర్వాత పోచన్న ఏమీ వినలేదు. ఆయన కళ్లు డాక్టరు మీదే ఉన్నాయి గానీ చేతులు ఒడిలో ఆగిపోయాయి. మిగతాది నేను విన్నాను. గడ్డ లోపల కొవ్వు ఎక్కువ ఉన్నట్టు కనపడుతోంది, ఇలాంటివి మామూలుగా క్యాన్సర్ కావు, కానీ నలభై ఆరేళ్ల మనిషికి ఒక్క బ్లాకుకు ఎముక విరగకూడదు, షుగర్‌కు రెండు రకాల గోలీలు, ఒక సూది, పైన బీపీ గోలీ, ఇన్ని వాడినా తగ్గడం లేదు, మస్కట్‌లో హార్మోన్ల డాక్టరుకు చూపించండి. ఇంతే చెప్పాడు. నేను గదికి వచ్చాక పోచన్నకు ఇదంతా రెండు ముక్కల్లో చెప్పాను. క్యాన్సర్ కాదన్న ముక్క ముందు చెప్పాను.

"మామూలుగ కాదు అన్నడా, కాదు అన్నడా?" అని అడిగాడు.

నేను స్కాన్ కాగితం మడిచి కవరులో పెట్టాను.

*

హార్మోన్ల డాక్టరు పేరు అల్ఫియా. మస్కట్‌లోని రూవీలో కూర్చుంటుంది. పుట్టింది బోధన్‌లో కాబట్టి తెలుగు వచ్చు, మధ్యమధ్యలో ఉర్దూ పడుతుంది. ఆమె కాగితాల కంటే ముందు పోచన్నను చూసింది. చొక్కా ఎత్తమని పొట్ట చూసింది. ముంజేతుల మీద కమిలిన మచ్చలున్నాయా అని వెతికింది. గోడ పట్టుకోకుండా కుర్చీలోంచి లేవమంది. నడుము పట్టేసినా తొడల బలంతో లేచాడు.

"పైకి ఏమీ కనిపిస్తలేదు. గడ్డ లోపల కూర్చుని హార్మోన్ వదులుతుందా లేదా చూడాలి. దాని పేరు కార్టిసాల్. అది ఎక్కువైతే షుగర్ ఎక్కుతుంది, బీపీ ఎక్కుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. నీకు మూడూ ఉన్నాయి. కానీ షుగర్ ఊళ్లో సగం మందికి ఉంది కదా. అందుకే పరీక్ష."

పరీక్ష తేలికైనదే. రెండు చిన్న గోలీలు. రాత్రి పదకొండుకు రెండూ కలిపి వేసుకోవాలి, మర్నాడు పొద్దున ఎనిమిదికి రక్తం ఇవ్వాలి. రక్తం రుస్తాఖ్‌లోనే ఇవ్వొచ్చు. బీపీ కోసం ఇంకో పరీక్ష రాసింది, అది తర్వాత బాగానే వచ్చింది.

మందుల షాపువాడు గోలీల ఆకులోంచి రెండు గోలీలున్న ముక్క కత్తిరించి ఇచ్చాడు. సాయంత్రం గదిలో పోచన్న ఆ ముక్క నా చేతికిచ్చి, "ఏం రాసిండ్రు, జర సదువు" అన్నాడు. నేను మా ఊరి బడిలో పది దాకా చదివాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలను. కత్తిరించిన చోట పేరు సగం పోయింది. మిగిలినది డెక్సా.

ఆ పేరు నేను ముందు ఒకసారి చూశాను. రఘుపతి పెట్టెలో.

రఘుపతి మాతో పాటే సమాయిల్ సైట్‌లో పని చేశాడు, ఇప్పటికి ఆరేళ్ల కింద. సన్నటి మనిషి. సెలవుకు ఇంటికి పోయే ముందు ఒంటికి కాస్త కండ పట్టాలని మస్కట్‌లోని హమ్రియాలో ఒకడి దగ్గర గోలీలు కొనుక్కున్నాడు. అది మా వాళ్లలో కొందరికి అలవాటే. ఎండిపోయిన మొహంతో దిగితే ఇంటి దగ్గర ఏమనుకుంటారోనని. నాలుగు నెలలు మింగాడు. ఆకలి పెరిగింది, బుగ్గలు గుండ్రంగా వచ్చాయి, అద్దంలో చూసుకుని నవ్వుకునేవాడు. ఇంటికి పోయాడు. గోలీలు అయిపోయాయి. నాలుగో నాడు జ్వరం, వాంతులు, మంచం మీంచి లేవలేకపోయాడు. కరీంనగర్ తీసుకుపోతుంటే కారులోనే ప్రాణం పోయింది. ఇక్కడ మిగిలిన అతని సామాను నేనే సర్ది పంపాను. పెట్టె అడుగున ఖాళీ గోలీల ఆకులు ఉన్నాయి, పదీ పన్నెండూ. వాటి మీద పేరు చూశాను.

ఇవన్నీ పోచన్నకు తెలుసు. పేరు ఒక్కటే తెలియదు.

ఆకు ముక్క ఆయన చేతికి తిరిగి ఇచ్చాను.

"రఘుపతి వేసుకున్న గోలీ ఇది" అన్నాను.

అంతకు మించి ఒక్క మాట అనలేదు. వేసుకోవద్దని కూడా అనలేదు. పోచన్న ఆ ముక్కను లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తంబాకు డబ్బీ తీసి, అందులో పెట్టి మూత బిగించాడు. పొద్దున ఎనిమిదికి క్లినిక్‌కు పోయి రక్తం ఇచ్చి వచ్చాడు.

"వేసుకున్నవా?" అని నేను అడగలేదు. డబ్బీ ఆయన దిండు కిందే ఉంది. కదిలిస్తే చప్పుడు వచ్చేది.

*

వారం తర్వాత మళ్లీ రూవీ. అల్ఫియా మేడమ్ కాగితం చూసి కళ్లద్దాలు తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"నాలుగు వందల ముప్పై ఎనిమిది. యాభై లోపల ఉండాలి."

పోచన్న నావైపు చూశాడు. నేను టేబులు కాలు చూస్తున్నాను. దాని కింద మడిచిన అట్ట ముక్క పెట్టారు, ఊగకుండా.

"ఇంత ఉంటే ఒంటి మీద కనిపించాలి. నీ ఒంటి మీద ఏమీ లేదు. గోలీలు రెండూ వేసుకున్నవా?"

"వేసుకున్న, మేడమ్."

"పదకొండుకే?"

"పదకొండుకే."

"కీళ్లకు సూదులు, నాటు మందు, చర్మానికి రాసుకునే క్రీము, ఏమైనా వాడుతున్నవా? నైట్ డ్యూటీ ఉందా?"

అన్నిటికీ లేదన్నాడు. అవి నిజమే. ఆమె కొంచెంసేపు పెన్ను మూతతో కాగితం మీద కొట్టింది.

"ఈ నంబరు సచ్ అయితే ఇది చిన్న జబ్బు కాదు. ఆపరేషన్ తొందరగా చేయాలి. సర్జన్ టైమ్ వచ్చే బుధవారానికి తీసుకుంటా. కానీ నాకు ఎక్కడో అతకడం లేదు. ఒక రోజంతా పోసిన మూత్రం ఈ డబ్బాలో పట్టి ఆ బుధవారమే తే. అదీ చూసిన తర్వాతే ఆపరేషన్ ఖాయం చేద్దాం."

బయట మెట్ల మీద పోచన్న కూలబడ్డాడు. నడుముకు బెల్టు వేసి ఉంది కాబట్టి కర్ర బొమ్మను కూర్చోబెట్టినట్టు నిటారుగా కూర్చున్నాడు.

"చెప్పన్నా ఆమెకు" అన్నాను.

"ఏం జెప్పాలె? అబద్ధమాడిన అనా? కంపెనీకి తెలిస్తే, దవాఖానల తమాష జేసిండని పంపిస్తరు."

"లేకుంటే కోస్తరు."

"కోస్తే కోయనీ. కత్తి మంచిదే, కండ్లకు కనవడ్తది. గా గోలీ లోపల ఏం జేస్తదో ఎవనికెరుక? రఘుపతిని సూసినవు గదా."

నేను చూడలేదు. పెట్టె సర్దాను, అంతే. ఆ మాట చెబుదామనుకున్నాను. ఈలోగా ఆయన లేపమని చెయ్యి చాపాడు.

ఆ వారం రాత్రుళ్లు నేను వింటూ పడుకునేవాణ్ని. రెండంతస్తుల మంచంలో పోచన్నది కింద, నాది పైన. కింద ఆయన పక్కకు తిరిగినప్పుడల్లా ముందు బెల్టు చప్పుడు, తర్వాత ఊపిరి బిగబట్టడం, తర్వాత వదలడం వినపడేవి. వెన్నులో ఇంకో పూస కూడా అణుగుతుందేమోనని ఆయన దగ్గడానికి కూడా భయపడేవాడు. దగ్గు వస్తే గోడ పట్టుకునేవాడు. నేను పైన లెక్క వేసుకునేవాణ్ని. నా మాట వల్ల ఆయన గోలీ వేసుకోలేదు. వేసుకోకపోవడం వల్ల నంబరు పెరిగింది. నంబరు పెరగడం వల్ల బుధవారం సర్జన్ చూస్తాడు. అవసరం లేకుండా కోస్తే నేను కోసినట్టే. అవసరమున్నా ఆయన భయపడి పారిపోతే మళ్లీ ఇంకో పూస విరుగుతుంది, అదీ నావల్లే.

ఊరి నుంచి లస్మవ్వ ఫోన్ చేసింది, పోచన్న భార్య. ఆయనతో మాట్లాడి ఫోన్ నాకిమ్మంది.

"తమ్మీ, ఆయన నాకు గడ్డ సంగతి జెప్తడు, నడుం సంగతి జెప్తడు, ఇంకోటేదో దాస్తుండు. ఏందది?"

"ఏం లేదు వదినా."

"నువ్వు గట్లంటే ఏదో ఉన్నట్టే. నీకు అబద్ధమాడుడు రాదు, నిజం జెప్పుడు గూడ రాదు. ఉత్తగ నిలవడ్తవ్."

ఆమె కోపంగా అనలేదు. మామూలుగా అంది. అందుకే ఎక్కువ తగిలింది.

*

బుధవారం ఇస్రార్ పికప్‌లో పోయాం. ఇస్రార్ కంపెనీ డ్రైవరు, పెషావర్ వైపు మనిషి, నోరు ఊరుకోదు. పోచన్న మూత్రం డబ్బా ఐసు పెట్టెలో పెట్టుకుని కాళ్ల మధ్య పట్టుకున్నాడు.

"క్యా హై ఇస్మే, పోచన్నా? షర్బత్?" పెట్టెలో ఏముందని అడిగాడు ఇస్రార్.

"తాగుతవా?"

"డాక్టర్‌నీ కో పిలావో. ఇత్నీ దూర్ సే లాయా" అన్నాడు, ఇంత దూరం తెచ్చావు, డాక్టరమ్మకే తాగించమని.

పోచన్న నవ్వబోయి నడుము పట్టుకున్నాడు. బర్కా ఊరు దాటేదాకా ఇస్రార్ మళ్లీ మాట్లాడలేదు.

అల్ఫియా మేడమ్ డబ్బా తీసుకుని, పేరు చీటీ అంటించి పక్కన పెట్టింది. సర్జన్ పదకొండుకు వస్తాడని చెప్పింది. గోడ గడియారంలో పది నలభై. పోచన్న చేతులు మళ్లీ ఒడిలో ఆగిపోయి ఉన్నాయి. ఆయన చొక్కా జేబులో తంబాకు డబ్బీ గుండ్రంగా కనపడుతోంది. నేను లేచి ఆ డబ్బీ తీసి టేబులు మీద పెట్టి మూత విప్పాను. ఆకు ముక్కకు తంబాకు పొడి అంటి ఉంది. రెండు గోలీలూ అందులోనే ఉన్నాయి.

"ఆయన వేసుకోలే మేడమ్. నేనే భయపెట్టిన."

పోచన్న నన్ను చూడలేదు. మేడమ్ ఆకు ముక్కను వేలితో తనవైపు లాక్కుంది. తిడుతుందనుకున్నాను.

"ఎందుకు భయపెట్టినవు?"

రఘుపతి సంగతి చెప్పాను. జీవితంలో ఒకే దమ్మున అన్ని మాటలు ఎన్నడూ మాట్లాడి ఉండను. ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక సర్జన్‌కు ఫోన్ చేసి ఈ రోజు వద్దని చెప్పింది.

"వినండి ఇద్దరూ. మీ దోస్తు ఆ గోలీలు నాలుగు నెలలు మింగిండు. ఈ గోలీ, ఆ గ్రంథి చేసే హార్మోన్, రెండూ ఒకే జాతి. బయట నుంచి రోజూ వస్తుంటే లోపలి గ్రంథులు పని మానేసి పడుకుంటాయి. ఒక్కసారిగా ఆపిండు. గ్రంథులు లేవలేదు. ఒంట్లో అది బొత్తిగా లేకపోతే జ్వరాన్ని కూడా మనిషి తట్టుకోలేడు. ఆపడమే అతని ప్రాణం తీసి ఉంటుంది. నేను ఇచ్చింది ఒక్క రాత్రికి ఒక్కసారి. దాంతో ఏ గ్రంథీ పడుకుని ఉండిపోదు."

"మరి దేనికిస్తరు?" పోచన్న అడిగాడు.

"మంచి గ్రంథి అయితే ఈ గోలీ పడగానే, ఇక చాలు అని రాత్రికి రాత్రి తగ్గిపోతుంది. గడ్డ అయితే చెప్పినా వినదు. తన పని తను చేసుకుంటూ పోతుంది. నువ్వు గోలీ వేసుకోలేదు కాబట్టి ఆ నాలుగు వందలూ ఏ మనిషికైనా పొద్దున ఉండేవే. ఆ కాగితం చెత్త."

చెత్త అన్న మాటకు పోచన్న భుజాలు కిందికి దిగాయి. మేడమ్ అది గమనించింది.

"గడ్డ చెత్త కాదు. విరిగిన ఎముక చెత్త కాదు. మళ్లీ చేస్తాం."

ఈసారి గోలీలు నా చేతిలో పెట్టింది. ఆ రాత్రి పదకొండుకు పోచన్న నా ముందు కూర్చుని రెండూ మింగాడు. నాలుక చూపించమన్నాను, చూపించాడు. పొద్దున నేను లేచేసరికి ఆయన మేలుకునే ఉన్నాడు. తన మణికట్టు తానే పట్టుకుని నాడి చూసుకుంటున్నాడు.

*

ఈసారి నంబరు నూట నాలుగు.

మూత్రంలో ఎక్కువ లేదు. మెదడు నుంచి గ్రంథికి వచ్చే హుకుం లాంటి హార్మోన్ ఇంకోటి ఉంటుందట, అది బాగా తగ్గిపోయి ఉంది. ఎముకల స్కాన్‌లో ఎముకలు పలుచబడ్డాయి. మేడమ్ కాగితాలన్నీ వరుసగా పెట్టింది.

"గడ్డ కార్టిసాల్‌ను సొంతంగా వదులుతోంది. కానీ కొద్దిగానే."

"కొద్దిగనే అయితే కోసుడెందుకు మేడమ్?"

"కొద్దిగానే. కానీ ఎన్నేళ్ల నుంచో. రాత్రి మామూలు మనిషికి అది బాగా తగ్గాలి, నీకు సరిగ్గా తగ్గదు. అందుకే నీ షుగర్ మొండికేస్తుండొచ్చు, ఎముక విరిగి ఉండొచ్చు. ఉండొచ్చు అంటున్నా. పక్కా అని చెప్పలేను."

రెండు దారులు చెప్పింది. ఒకటి, గడ్డను వదిలెయ్యడం. అది క్యాన్సర్ కాదు, దానంతట అది అలా మారేది కూడా చాలా అరుదు. షుగర్‌కు, బీపీకి మందులు గట్టిగా వాడాలి, ఎముకలకు ఏడాదికోసారి సెలైన్‌లో మందు ఎక్కించుకోవాలి, ఏటేటా చూపించుకోవాలి. రెండోది, మూడు నాలుగు చిన్న రంధ్రాల్లోంచి ఎడమ గ్రంథిని గడ్డతో సహా తీసెయ్యడం. అలా తీసినవాళ్లలో చాలామందికి షుగర్, బీపీ నెమ్మదించాయి, అందరికీ కాదు. కొత్తగా ఎముకలు విరగడం తగ్గుతుందని అనుకుంటున్నారు, ఇంకా పూర్తిగా తేలలేదు.

"వయసు తక్కువ, పూస ఒకటి విరిగింది, షుగర్ లొంగడం లేదు. నన్నడిగితే తీయించుకోవడం వైపే నేను మొగ్గుతా. కానీ ఒంటి మీద కత్తి పడేది నీకు. చెప్పాల్సింది నువ్వు."

"తీసినంక?"

ఆమె వరుసగా పెట్టిన కాగితాలను మళ్లీ ఒక దొంతర చేసింది. నాకు అర్థమైంది, దాని గురించే చెప్పడానికి మాటలు వెతుక్కుంటోందని.

"ఈ గడ్డ అదనంగా వదులుతుంటే, కుడి పక్క గ్రంథి చాలా రోజులుగా బద్ధకించి ఉంటుంది. ఎడమది తీసిన రోజు అది వెంటనే లేవకపోవచ్చు. లేచేదాకా గోలీలు వేసుకోవాలి. వారాలు కావొచ్చు, నెలలు కావొచ్చు."

"గా గోలీ గూడ గదే జాతా?"

"అదే జాతి."

"ఒక్క పూట మరిస్తే?"

"మరవొద్దు. జ్వరం వస్తే రెట్టింపు వేసుకోవాలి. వాంతి అయితే, గోలీ నిలవకపోతే, వెంటనే దవాఖానకు పోయి సూది వేయించుకోవాలి. కార్డు ఇస్తా. అది ఎప్పుడూ జేబులో ఉండాలి."

పోచన్న వేళ్ల మీద లెక్కపెట్టాడు. జ్వరం, వాంతి, నాలుగో నాడు. ఆయన ఏ కారు గురించి తలుచుకుంటున్నాడో నాకు తెలుసు. దేనికి భయపడి డబ్బీలో దాచాడో, కోయించుకుంటే రేపు దాని మీదే బతకాలి. కోయించుకోకపోతే ఇంకో బ్లాకు, ఇంకో పూస. లేదా బ్లాకు అక్కర్లేదు, ఒక దగ్గు చాలు.

రెండు రోజులు టైమ్ అడిగి వచ్చేశాం.

గదికి వచ్చాక ఆయన అందరినీ ఒక మాట అడిగాడు. ఒకడు ఇంటికి పోయి చేయించుకో అన్నాడు. ఒకడు ఎముకలకు కోడిగుడ్లు తినమన్నాడు. ఇస్రార్ తన మామకు మోకాలి చిప్ప తీసిన కథ చెప్పాడు, దానికీ దీనికీ ఏమీ లేదు. చివరికి పోచన్న నన్ను అడిగాడు.

"నువ్వేమంటవ్?"

"నేనేం అనను. ఒక్కపారి అంటే ఏమైందో సూసినవు గదా."

సాయంత్రం ఫలజ్ కాలువ పక్కన ఖర్జూరపు చెట్ల నీడలో కూర్చున్నాం. ఆయన నీళ్లలోకి కాళ్లు దించాడు. వంగలేడు కాబట్టి చెప్పులు నేనే విప్పాను. లస్మవ్వతో ఫోన్ మాట్లాడుతున్నాడు. స్పీకరులో ఆమె మాట నాకూ వినపడుతోంది.

"కోపిచ్చుకో. కానీ ఈడికొచ్చినంక గాదు. ఈడ నేను పొద్దుగాల బీడీల కార్ఖానకు పోతే మాపటికి వస్త. మూడు పూటల గోలీ ఎవ్వలు సూత్తరు? రఘుపతి పెండ్లాం గూడ ఆ నాడు కార్ఖానలనే ఉండె."

ఫోన్ పెట్టేశాక పోచన్న చాలాసేపు నీళ్లలో కాళ్లు ఆడించాడు.

"కోపిచ్చుకుంట" అన్నాడు. "ఈడ్నే. కానీ గోలీలు నా దగ్గెర ఉండొద్దు. నీ దగ్గెర ఉండాలె. పొద్దుగాల, పగటీలి, మాపు. నువ్వే ఇయ్యాలె, మింగిన్నా లేదా సూడాలె."

"నా మాట మీదనే గదన్నా ఆ నాడు మునిగినవ్."

"నీ మాట తప్పువాయె. నీ సూపు తప్పుగాదు. డబ్బీ దిండు కింద ఉన్నదని నీకెర్క. రోజూ సూసినవ్. నాకెర్క లేదనుకున్నవా?"

ఆయన లేస్తానన్నాడు. చంకల కింద చేతులు పెట్టి లేపాను. బరువుగా ఉన్నాడు. చెప్పులు మళ్లీ నేనే తొడిగాను.

*

ఆపరేషన్ జూలై చివర్లో అయింది. కంపెనీ ఇన్సూరెన్స్ ఒప్పుకుంది. ఎడమ డొక్కలో నాలుగు చిన్న కుట్లు. ఐదో రోజు గదికి తెచ్చాం. షుగర్ సూది సగానికి తగ్గించారు, షుగర్ గోలీలు, బీపీ గోలీ అలాగే ఉన్నాయి. మా యజమాని, అర్బాబ్ అంటాం, ఆయన్ను స్టోరులో కూర్చోబెట్టాడు, మేకులు, బోల్టులు లెక్క చూసుకోమని. కుడి గ్రంథి లేచేదాకా వేసుకోవాల్సిన గోలీలకు నా ఫోన్‌లో మూడు అలారాలు పెట్టుకున్నాను. ఏడు, పన్నెండు, ఐదు. పన్నెండుకు పరంజా దిగి స్టోరుకు పోయేవాణ్ని. మిగతావాళ్లు, కోడలు మామకు మందు తెచ్చిందని ఎగతాళి చేసేవారు. ఆయన మింగి నోరు తెరిచేవాడు. నేను చూసి వచ్చేవాణ్ని.

ఆపరేషన్ అయిన ఇరవై రెండో రోజు శుక్రవారం, పనికి సెలవు. పోచన్న పొద్దున నుంచి మూలుగుతూ ఉన్నాడు. పన్నెండుకు ఒళ్లు కాలుతుంటే గోలీ రెట్టింపు ఇచ్చాను. పావుగంటకు అన్నంతో సహా కక్కాడు. కక్కినదాన్ని వంగి చూశాను. గోలీలు సగం కరిగి అందులోనే ఉన్నాయి. మళ్లీ ఇచ్చాను, మళ్లీ కక్కాడు. రెండు గంటలకు ఆయన పెదాలు తెల్లబడ్డాయి. లేపి కూర్చోబెడితే కళ్లు పైకి పోయాయి.

"తమ్మీ," అన్నాడు, "రఘుపతి కారొచ్చింది."

నేను బయటికి పరుగెత్తి ఇస్రార్‌ను కేకేశాను. ఇస్రార్ పికప్ తెచ్చాడు. వెనక సీటులో ఆయన తల నా ఒడిలో పెట్టుకున్నాను. కాళ్లు ఎత్తి కిటికీకి ఆనించాను. వాదీ, అంటే ఎండువాగు, పక్కన రోడ్డు మీద ఎండకు గాలి ఊగుతోంది. ఇస్రార్ ఒక్క జోకు కూడా వెయ్యలేదు. పోచన్న ఊపిరి ఆగినట్టనిపించి రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఆగలేదు.

రుస్తాఖ్ దవాఖాన కౌంటర్‌లో కుర్రవాడు బతాకా, గుర్తింపు కార్డు, అడిగాడు. బతాకా ఇచ్చాను. నంబరు చీటీ ఇచ్చి కూర్చోమన్నాడు. ముందు పదకొండు మంది ఉన్నారు. పోచన్న చక్రాల కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోతున్నాడు.

నేను కూర్చోలేదు. జేబులోంచి మేడమ్ ఇచ్చిన కార్డు తీసి అద్దం కింది సందులోంచి లోపలికి తోశాను. నా హిందీ అంతంత మాత్రం, అరబ్బీ దానికన్నా తక్కువ. అయినా చెప్పాను. ఈయనకు ఎడమ గ్రంథి తీసేశారు. కుడిది ఇంకా లేవలేదు. గోలీ కక్కాడు, రెండుసార్లు కక్కాడు, నేను చూశాను. సూది ఇప్పుడే వెయ్యాలి. ఆలస్యమైతే చచ్చిపోతాడు, ముందు ఒకడు చచ్చిపోయాడు. ముదీర్, హకీం, పెద్దసారునో డాక్టరునో ఎవరినైనా పిలువు. కార్డు చదువు. చదవమంటున్నా. కుర్రవాడు ఏదో అనబోయాడు. నేను ఆపలేదు. కూర్చున్నవాళ్లందరూ నా వైపు తిరిగారు. ఎవరో ఒక ఒమానీ పెద్దాయన లేచి తన చీటీ నా చేతిలో పెట్టాడు. అంతలో లోపలి నుంచి నర్సు వచ్చి కార్డు చూసింది, కుర్చీ పట్టుకుని పరుగులాంటి నడకతో లోపలికి తోసుకుపోయింది.

సూది వేశారు, కార్డు మీద రాసిన మందే, నూరు మిల్లీగ్రాములు. రెండు సెలైన్లు పెట్టారు, షుగర్ చూశారు, ఈ రాత్రి ఇక్కడే ఉంచుతామన్నారు. నేను మంచం పక్కన నిలబడి సెలైన్ చుక్కలు లెక్కపెట్టాను. ఎన్నోసారి లెక్క తప్పిందో తెలియదు. నాలుగున్నరకు పెదాలకు కొంచెం రంగు వచ్చింది. నాలుగు నలభైకి కళ్లు తెరిచాడు.

"ఆజ్ యే ఇత్నా బోలా," ఇవాళ ఇంత మాట్లాడానని ఇస్రార్ వేలు నా వైపు చూపించాడు, "ఔర్ అరబ్బీ మే భీ."

పోచన్న నన్ను చూశాడు. "ఏమన్నవ్?"

"ఏం లేదు."

"సెప్పు. నా గురించే గదా."

"రఘుపతి సంగతి జెప్పిన."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కొంచెంసేపటికి వేలు కదిపి దగ్గరికి రమ్మన్నాడు.

"కుడి పక్కది ఎప్పుడు లేస్తదంట?"

"వచ్చే నెల పొద్దున గోలీ వేసుకోకముందు రక్తం చూస్తరంట. అప్పుడు తెలుస్తది. లేవకుంటే ఆపై నెల."

"లేవకుంటే?"

నా జేబులో ఫోన్ మోగింది. ఐదు గంటల అలారం. సెలైన్‌లో సూది పడింది కాబట్టి ఈ పూట గోలీ వద్దని నర్సు చెప్పింది. అలారం ఆపాను. అయినా జేబులో చెయ్యి పెట్టి గోలీల ఆకు ఉందో లేదో తడిమి చూశాను. ఉంది.